షాపు యజమానులకు అకౌంటెంటు రాసే తొలి ఈమెయిలు: కొనుగోలు బిల్లు దగ్గర మొదలుపెట్టండి

ప్రశ్న: నేను బి.కాం. చదివి, పాలకొల్లులో ఒకరి దగ్గర ఆరేళ్లు లెక్కలు రాసి, ఈ మధ్యే సొంతంగా పని మొదలుపెట్టాను. చుట్టుపక్కల షాపుల బిల్లుల మీద ఉన్న అడ్రసులు చూసి నలభై మందికి ఒకే ఈమెయిలు పంపాను. జీఎస్టీ, ఆదాయపు పన్ను, ట్యాలీ, లోన్లకు ప్రాజెక్టు రిపోర్టులు, అన్నీ చేస్తానని, పన్ను కూడా తగ్గిస్తానని రాశాను. ఒక్క జవాబూ రాలేదు. అసలు ఎలా రాయాలి?

సమాధానం:

మీ ఈమెయిలులోని మాటల సంగతి తరువాత చూద్దాం. ముందు అది ఎవరి చేతిలో పడిందో ఆలోచించండి. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు మన ప్రాంతంలో చాలా షాపులకు నమోదు చేయించింది అప్పటి అకౌంటెంటో, ఇంటర్నెట్ సెంటర్ నడిపే కుర్రాడో. నమోదుకు ఈమెయిలు తప్పనిసరి కాబట్టి, యజమానికి లేకపోతే వారే ఒకటి తెరిచి ఇచ్చారు, లేదా తమదే రాసేశారు. తరువాత బిల్లు పుస్తకాలు అచ్చు వేయించేటప్పుడు అదే అడ్రసు బిల్లు మీదికి ఎక్కింది. అంటే మీరు పంపిన నలభైలో కొన్ని, మీరు ఎవరి పనిలోకి వెళ్లాలనుకుంటున్నారో ఆ అకౌంటెంటు పెట్టెలోనే పడి ఉంటాయి. ఆయన వాటిని చదివి యజమానికి అందిస్తారని ఆశించలేము. ఇంకొన్ని అడ్రసులు ఎవరూ తెరవనివి. మిగిలినవి చాలావరకు హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్న కొడుకో కూతురో తమ ఫోనులో చూసేవి.

కాబట్టి అడ్రసు బిల్లు మీద నుంచి ఎత్తి రాసుకోవద్దు. షాపుకు వెళ్లి, ఒక చిన్న వస్తువు కొని, బిల్లు తీసుకొని, "ఈ మెయిల్ మీరే చూస్తారా అండి, ఇంకెవరైనా చూస్తారా?" అని అడగండి. నేను ఇప్పటికీ ఇదే చేస్తాను. పదింట ఏడెనిమిది చోట్ల నిజమైన అడ్రసు అప్పుడే బయటపడుతుంది, పైగా మీ ముఖం వారికి ఒకసారి కనబడి ఉంటుంది. మీరు అడిగింది ముఖపరిచయం లేనివారికి రాసే ఈమెయిలు గురించేనని తెలుసు. కానీ డెల్టాలో పాలకొల్లు నుంచి రాజోలు దాకా ఒకరికొకరు తెలియని వ్యాపారస్తులు తక్కువ. ఇలాంటి చోట పూర్తిగా అపరిచితుడి ఉత్తరం కంటే, "మొన్న మీ షాపులో కొళాయి వాషరు కొన్నాను" అనగలిగిన మనిషి ఉత్తరమే చదువుతారు.

ఒకేసారి నలభై మందికి పంపడం గురించి నా అనుభవం ఒకటి చెప్పాలి. మొదట్లో నేను కూడా అరవై మందికి ఒకే దెబ్బలో పంపాను. అందరి అడ్రసులూ `Bcc` గడిలో కాకుండా `To` గడిలో పెట్టేశాను. ఒకే వీధిలో ఒకరికొకరు పోటీగా ఉన్న షాపుల వారు తమ పేరు పక్కనే అవతలివారి పేరు చూసుకున్నారు. ఆ సాయంత్రం ఒక పెద్దాయన ఫోను చేసి, "ఏవండీ, అరువు ఖాతాలో రాసినట్టు మా అందరి పేర్లూ ఒక్కచోటే రాసేశారేంటండీ?" అన్నారు. లెక్కలు గుట్టుగా ఉంచవలసిన మనిషి మొదటి ఉత్తరంలోనే గుట్టు విప్పాడని ఆయనకు అర్థమైంది. ఆ అరవైలో నాకు దొరికిన పని సున్నా. `Bcc` వాడినా ఈ పద్ధతి మంచిది కాదు. కొత్త అడ్రసు నుంచి ఒకే మాటలు అనేకమందికి వెళితే జీమెయిల్ దానిని చెత్త సంచిలోకి తోసే అవకాశం ఎక్కువ. రోజుకు నాలుగైదు, ఒక్కొక్కటి విడిగా, షాపు పేరుతో రాస్తే చాలు.

ఇక ఎవరికి రాయాలన్నది. నలభై షాపులకూ ఒకే ఉత్తరం పనికిరాదు, ఎందుకంటే వారు జీఎస్టీలో ఒకే గాటన కట్టదగినవారు కారు. సరుకులు మాత్రమే అమ్మే షాపుకు మన రాష్ట్రంలో ఏడాది టర్నోవరు 40 లక్షలు దాటే వరకు సాధారణంగా నమోదే అక్కర్లేదు. నమోదైన వారిలో 1.5 కోట్ల లోపు వారు కొందరు కాంపోజిషన్ ఎంచుకొని, టర్నోవరు మీద 1 శాతం కట్టి ఊరుకుంటారు. వారు కొనుగోళ్ల మీద కట్టిన పన్నును వెనక్కి రాబట్టుకోలేరు, గిరాకీ దగ్గర పన్ను వసూలు చేయలేరు. మిగిలినవారు రెగ్యులర్. అమ్మకాల పన్నులోంచి కొనుగోళ్ల పన్నును మినహాయించుకొని తేడా కట్టేది వీరే. మన చిన్న రెగ్యులర్ షాపుల్లో చాలామంది మూడు నెలలకోసారి రిటర్ను వేసే పద్ధతిలో ఉంటారు, టర్నోవరు 5 కోట్ల వరకు దానికి వీలుంది. నేను కింద చెప్పే ఉత్తరం రెగ్యులర్ షాపులకు మాత్రమే. కాంపోజిషన్ షాపుకు ఇది పంపితే, మీకు వారి వ్యాపారం తెలియదని మీరే రాసి ఇచ్చినట్టు అవుతుంది.

ఎవరు ఏ గాటనో తెలుసుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు. షాపు బోర్డు మీద జీఎస్టీ నంబరు రాయాలన్నది నియమం, కాంపోజిషన్ వారైతే ఆ మాట కూడా బోర్డు మీద ఉండాలి. బోర్డు మీద లేకపోతే బిల్లు మీద ఉంటుంది. ఆ 15 అక్షరాల నంబరును జీఎస్టీ పోర్టల్‌లో లాగిన్ లేకుండానే `Search Taxpayer` లో కొడితే షాపు పేరు, నమోదు తేదీ, రెగ్యులరా కాంపోజిషనా, నమోదు చెల్లుబాటులో ఉందా రద్దయిందా అన్నీ కనబడతాయి. అక్కడే `Show Filing Table` నొక్కితే ఏ రిటర్ను ఏ తేదీన వేశారో కూడా వస్తుంది. ఇది చూడండి, కానీ ఉత్తరంలో రాయకండి. "మీరు గత మూడు నెలల రిటర్ను ఆలస్యంగా వేశారు" అని తెలియని మనిషి రాస్తే, అది అందరికీ కనబడే సమాచారమేనని యజమానికి తెలియదు. తన గుట్టు ఎవరో తవ్వుతున్నారని భయపడతారు, లేదా డిపార్టుమెంటు పేరుతో ఎవరో మోసం చేస్తున్నారనుకుంటారు. రెండూ మీకు నష్టమే. ఆ పట్టిక మీకు ఒక్క పనికే అక్కరకొస్తుంది: రిటర్నులు నెలల తరబడి ఆగిపోయిన షాపును జాబితా నుంచి తీసేయడానికి. అక్కడ సమస్య మీ ఉత్తరంతో మొదలయ్యేది కాదు.

ఇప్పుడు ఉత్తరంలో ఏం ఉండాలన్నది. మీరు అయిదు సేవలు రాశారు, యజమానికి వాటిలో ఒక్కటీ ఆ రోజు తగల్లేదు. ఒక్క విషయం పట్టుకోండి. ఆ ఒక్కటి ఆయన కుర్చీలోంచి లేవకుండా, మీ అవసరం లేకుండా, అయిదు నిమిషాల్లో తానే పరీక్షించుకోగలిగినదై ఉండాలి. రెగ్యులర్ షాపులకు అలాంటిది కొనుగోలు బిల్లే. ఎందుకో ఒక హార్డ్‌వేర్ షాపు లెక్కతో చెబుతాను.

పాలకొల్లు, నరసాపురం రోడ్డులో ఒక షాపు. పైపులు, రంగులు, ఫిట్టింగులు అమ్ముతారు. ఆ జులై, ఆగస్టు, సెప్టెంబరు మూడు నెలల్లో వారి దగ్గర ఉన్న కొనుగోలు బిల్లులు 41. వాటి మీద కట్టిన జీఎస్టీ మొత్తం 68,400 రూపాయలు. కానీ పోర్టల్‌లో వారి ఖాతాకు తయారైన `GSTR-2B` లో కనబడింది 59,760 మాత్రమే. అమ్మినవారు తమ రిటర్నులో చూపించిన బిల్లులే ఇందులోకి వస్తాయి, ఇందులోకి రాని బిల్లు మీది పన్నును మినహాయించుకోవడానికి చట్టం 2022 జనవరి నుంచి ఒప్పుకోదు. తేడా 8,640. అప్పటి అకౌంటెంటు తప్పేమీ చేయలేదు. 2B లో ఎంత ఉంటే అంతే తీసుకొని, మిగతాది డబ్బుగా కట్టించి రిటర్ను వేశారు. అయితే 8,640 ఎక్కడ పోయిందని ఎవరూ వెతకలేదు, యజమానికి ఆ సంగతే తెలియదు.

మేము 41 బిల్లులూ బల్ల మీద పరిచి, 2B తో ఒక్కొక్కటీ టిక్కు పెట్టుకుంటూ పోతే రెండు బిల్లులు మిగిలాయి. ఒకటి పైపులది: సరుకు విలువ 32,000, 18 శాతం చొప్పున పన్ను 5,760. బిల్లు మీద షాపు పేరు సరిగ్గానే ఉంది, నంబరు మాత్రం పక్క ఊళ్లో అదే పేరుతో ఉన్న తమ్ముడి షాపుది. సరుకు ఇచ్చిన వారి కంప్యూటరులో పేరు కొట్టగానే ముందుగా తమ్ముడి ఖాతా వచ్చింది, గుమస్తా అదే నొక్కాడు. రెండు నంబర్లూ 37 తోనే మొదలవుతాయి, అది ఆంధ్రప్రదేశ్ సంకేతం. తరువాతి పది అక్షరాలు యజమాని పాన్, తేడా అక్కడే ఉంటుంది. మొదట్లోని అంకెలు చూసి సరిపోయిందనుకుంటే ఇలాంటి తప్పు దొరకదు. రెండోది రంగులది: విలువ 16,000, పన్ను 2,880. సెప్టెంబరు చివరి రోజుల్లో షాపు కుర్రాడు మోటారు సైకిలు మీద వెళ్లి తెచ్చాడు. నంబరు చెప్పలేదు, వారు అడగలేదు. బిల్లు మీద కొనుగోలుదారు నంబరు ఉండవలసిన గడి ఖాళీ. నంబరు లేని బిల్లును అమ్మినవారు మామూలు గిరాకీకి అమ్మినట్టు చూపిస్తారు, అది ఏ షాపు 2B లోకీ రాదు.

ఇద్దరు సరఫరాదారులకూ ఫోను చేసి, బిల్లు ఫొటోలు వాట్సాప్‌లో పంపితే, తరువాతి రిటర్నులో సరిచేశారు. ఆ మొత్తం మరుసటి త్రైమాసికం 2B లోకి వచ్చింది. ఈ సవరణకు గడువు ఉంది: ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 వరకే. ఆ తేదీ దాటితే అమ్మినవారు మంచివారే అయినా చేయగలిగింది లేదు.

గమనించండి, ఇందులో ఏదీ పన్ను "తగ్గించడం" కాదు. షాపువారు ఒకసారి సరఫరాదారుకు కట్టిన పన్నును రెండోసారి కట్టకుండా చూడడం. "పన్ను తగ్గిస్తాను" అన్న మాటను మీ ఉత్తరం నుంచి వెంటనే తీసేయండి. నిజాయితీగా వ్యాపారం చేసుకునేవారు ఆ మాట చూసి రెండో ఖాతా పుస్తకం గురించి అంటున్నారనుకొని దూరం జరుగుతారు. దగ్గరికి వచ్చేవారు నిజంగా రెండో ఖాతా పుస్తకం కోసమే వస్తారు. నాకు రెండు రకాలూ ఎదురయ్యాయి, రెండో రకం వారు ఎక్కువ ఖరీదైన పాఠం.

నేను పంపే ఉత్తరం దాదాపు ఇలా ఉంటుంది. షాపు పేరు, సందర్భం మార్చుకోండి.

విషయం: మీ కొనుగోలు బిల్లుల మీద మీ జీఎస్టీ నంబరు ఉందా?

"శ్రీ … హార్డ్‌వేర్స్ యజమాని గారికి నమస్కారం.

నేను పాలకొల్లులో ఉంటాను. షాపుల లెక్కలు రాయడం నా వృత్తి. పోయిన మంగళవారం మీ షాపులో కొళాయి సామాను కొన్నప్పుడు మీ అబ్బాయి గారిని అడిగి ఈ అడ్రసు తీసుకున్నాను.

వీలైనప్పుడు గత మూడు నెలల కొనుగోలు బిల్లులు ఒకసారి తిరగేసి చూడండి. ప్రతి బిల్లు మీద, కొన్నవారి పేరు రాసే చోట, మీ బోర్డు మీద ఉన్న 15 అక్షరాల నంబరే పూర్తిగా ఉందో లేదో చూడండి. నంబరు లేని బిల్లు మీదా, వేరొకరి నంబరు పడిన బిల్లు మీదా మీరు కట్టిన పన్ను మీ ఖాతాకు రాదు. ఆ మేరకు మీరు మళ్లీ చేతి నుంచి కట్టవలసి వస్తుంది.

అన్నీ సరిగ్గా ఉంటే మంచిదే, మీరు నాకు జవాబు రాయనక్కర్లేదు. తేడా కనబడితే ఎన్ని బిల్లులో చెప్పండి. ఏం చేయాలో ఫోనులో చెబుతాను, దానికి రుసుము లేదు.

ప్రతి నెల మొదటి వారంలో షాపుకు వచ్చి బిల్లులు సరిచూసి, తేడాలు సరఫరాదారులతో మాట్లాడి దిద్దించడం నేను చేసే పని. మూడు నెలలకు 1,500 రూపాయలు. మీ రిటర్నులు ఇప్పుడు చూస్తున్నవారే చూసుకోవచ్చు. మీ పోర్టల్ పాస్‌వర్డు గాని, ఓటీపీ గాని నాకు అవసరం లేదు.

ఇలాంటి ఉత్తరాలు వద్దనుకుంటే ఒక్క మాట రాయండి, మళ్లీ పంపను.

ఇట్లు,
(పూర్తి పేరు, ఇంటి లేదా ఆఫీసు చిరునామా, ఫోను నంబరు)"

రుసుము అంకె ఉదాహరణకు వేసిందే, మీరు పెట్టే సమయం చూసుకొని మీ అంకె వేసుకోండి. కానీ ఏదో ఒక అంకె వేయండి. "రుసుము మాట్లాడుకుందాం" అని రాస్తే, ఫోను చేస్తే ఇరుక్కుంటామేమోనని చాలామంది చేయరు. మన షాపుల వారు తమ సరుకు మీద ధర రాసి అమ్ముతారు, మీ పనికీ ధర రాసి ఉంటే వారికి నచ్చుతుంది.

ఇందులో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే వాక్యం, రిటర్నులు ఇప్పుడు చూస్తున్నవారే చూసుకోవచ్చన్నది. పాత అకౌంటెంటు తరచుగా యజమానికి బావమరిదో, పదేళ్ల స్నేహితుడో అయి ఉంటారు. ఆయనను మార్చమని అడిగే ఉత్తరానికి జవాబు రావాలంటే యజమాని ముందు ఇంట్లో ఒక తగవు పెట్టుకోవాలి. ఆయన పక్కన కూర్చొని, ఆయన చేయని పని చేసిపెడతానన్న ఉత్తరానికి ఆ ఇబ్బంది లేదు. ఏడాది తరువాత రిటర్నులు కూడా మీ దగ్గరికి వస్తే రావచ్చు, ఆ సంగతి మొదటి ఉత్తరంలో అనవలసిన పని లేదు.

పాస్‌వర్డు వాక్యం హైదరాబాదులో ఉన్న అబ్బాయి కోసం రాసింది. నాన్నగారి మెయిల్ చూసేది ఆయనే. ఆయన మొదట అనుమానించేది కూడా మోసాన్నే. ఆ వాక్యంతో పాటు ఊరు, చిరునామా, షాపుకు వచ్చిన రోజు, ఈ మూడూ ఉంటే ఆయన నాన్నగారికి ఫోను చేసి, "నిజంగా ఎవరైనా వచ్చారా?" అని అడుగుతారు. వచ్చారని నాన్నగారు అంటే సగం పని అయినట్టే. అటాచ్‌మెంటు ఏదీ పెట్టవద్దు. తెలియని మనిషి పంపిన ఫైలును ఆయన తెరవరు, తెరవకపోవడమే సరైనది.

సంతకం కింద ఏం రాస్తారన్నది జాగ్రత్తగా చూసుకోండి. మన వైపు జీఎస్టీ రిటర్ను వేసే ప్రతివారినీ "ఆడిటర్ గారు" అని పిలుస్తారు. వాళ్లు పిలిస్తే పిలవనివ్వండి, మీరు మాత్రం రాసుకోవద్దు. సభ్యత్వం లేనివారు సీఏ అని గాని, చార్టర్డ్ అకౌంటెంట్ అని గాని వాడుకోవడం 1949 నాటి చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం ప్రకారం నేరం. అదే చట్టం ప్రాక్టీసులో ఉన్న సీఏలు ఇలా ఉత్తరాలు రాసి పని అడగడాన్ని నిషేధిస్తుంది. ఈ దారి మీకు తెరిచి ఉన్నది మీరు సీఏ కాకపోవడం వల్లనే. బి.కాం. చదివినవారు జీఎస్టీ ప్రాక్టీషనరుగా నమోదు చేసుకోవచ్చు. ఆ నమోదు మీకు ఉంటే నంబరుతో సహా రాయండి. లేకపోతే "లెక్కలు రాసేవాడిని" అనే మాట చాలు, బిల్లులు సరిచూడడానికి ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు. ఇంకొకరి తరఫున రిటర్నులు వేసే పనిలోకి దిగేటప్పుడు మాత్రం ఆ నమోదు చేయించుకోండి.

ఎప్పుడు పంపాలన్నది రెండు క్యాలెండర్ల మీద ఆధారపడుతుంది. మొదటిది జీఎస్టీది. నెలనెలా రిటర్ను వేసే సరఫరాదారులు తమ అమ్మకాలను మరుసటి నెల 11 లోపు, మూడు నెలల పద్ధతి వారు త్రైమాసికం ముగిశాక 13 లోపు చూపిస్తారు. 2B తయారయ్యేది 14న. మూడు నెలల పద్ధతిలో ఉన్న మన షాపు రిటర్నుకు గడువు 22. తప్పు 14న బయటపడితే దిద్దుబాటు తరువాతి విడతలోకి పోతుంది, 10 లోపు బయటపడితే సరఫరాదారు మొదటిసారే సరిగ్గా చూపించగలరు. అందుకే పని నెల మొదటి వారంలో అన్నాను. ఉత్తరం మాత్రం అంతకు ముందు, 25 తరువాత పంపండి. అప్పటికి గడువు హడావిడి అయిపోయి ఉంటుంది, కట్టిన డబ్బు ఇంకా గుర్తుంటుంది.

రెండోది వ్యవసాయానిది. ఎరువుల షాపుకు సార్వా నాట్ల సమయంలో ఉత్తరం రాస్తే చూసే మనిషే ఉండడు. వేసవిలో కాలువలు కట్టేశాక, దాళ్వా ధాన్యం డబ్బులు రైతుల చేతికి వచ్చి అరువు ఖాతాలు తీరుతున్నప్పుడు రాయండి. బట్టల షాపుకు సంక్రాంతి ముందు మూడు వారాలు వదిలేయండి. హార్డ్‌వేర్ వారు వానాకాలంలో కొంత ఖాళీగా ఉంటారు. భీమవరం వైపు రొయ్యల మందులు, మేత అమ్మే షాపుల్లో కూడా చెరువు పట్టుబడి పడేదాకా అరువే, కాబట్టి అక్కడ పట్టుబడుల సమయం చూసుకోవాలి.

అరువు మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. ఎరువుల షాపులకు రాసే ఉత్తరంలో బిల్లు నంబరు విషయానికి బదులు దీనిని పెట్టినా పనిచేస్తుంది. నాట్లప్పుడు అరువుకు ఇచ్చిన సరుకు మీద పన్ను, డబ్బు చేతికి వచ్చిన రోజున కాదు, బిల్లు రాసిన కాలానికే కట్టాలి. రైతు కోతల తరువాత ఇస్తాడు, పన్ను మాత్రం అక్టోబరు 22కే పోతుంది. చేతిలో డబ్బు లేని ఆ సమయంలో కొనుగోలు పన్ను పూర్తిగా ఖాతాకు రావడం వారికి మరీ అవసరం. అయితే రెండు విషయాలూ ఒకే ఉత్తరంలో పెట్టకండి, రెండిట్లో ఒకటి ఎంచుకోండి.

జవాబు రాకపోతే ఎనిమిది, పది రోజుల తరువాత ఒక్కసారి గుర్తు చేయండి, రెండు వాక్యాల్లో, అదే ఉత్తరం కింద. తరువాత ఆపేయండి. వాట్సాప్‌లో అదే ఉత్తరం మళ్లీ పంపవద్దు. షాపు నంబరు గిరాకీల కోసం ఉన్నది, అక్కడ దూరితే విసుక్కుంటారు. అటుగా వెళ్లినప్పుడు పలకరించడం వేరు, దానికి అభ్యంతరం ఉండదు.

జవాబు వస్తే అది ఈమెయిలుగా రాదు, ఫోనుగా వస్తుంది, చాలాసార్లు రాత్రి షాపు కట్టేశాక. "ఏడు బిల్లుల మీద నంబరు లేదండి, ఇప్పుడేం చేయాలి?" అంటారు. అప్పుడు ఉత్సాహంతో ఏడూ రాబడతానని మాట ఇవ్వకండి. ముందు ఆ ఏడు బిల్లుల ఫొటోలు అడిగి మూడు విషయాలు చూడండి. అమ్మినవారు రెగ్యులరేనా, లేక కాంపోజిషనా? కాంపోజిషన్ వారి బిల్లులో పన్నే ఉండదు, రాబట్టేది ఏమీ లేదు. కొన్నది అమ్మకానికేనా, లేక ఇంటికా? ఇంటి ఫ్రిజ్జు షాపు పేరు మీద ఉన్నంత మాత్రాన మినహాయింపు రాదు. బిల్లు ఏ ఆర్థిక సంవత్సరానిది, నవంబరు 30 దాటిందా? ఈ మూడు జల్లెడలూ పట్టాక ఏడింటిలో మూడో నాలుగో మిగులుతాయి.

మిగిలినవాటికి షాపు యజమాని చేతే సరఫరాదారుకు ఫోను చేయించండి. మీరు చేస్తే "మీరెవరు?" అంటారు, నెలనెలా సరుకు కొనే మనిషి చేస్తే పని జరుగుతుంది. పెద్ద డీలర్లు సాధారణంగా దిద్దుతారు. కౌంటరు మీద నగదుకు అమ్మే చిన్నవారు కొందరు, "అప్పుడే చెప్పాల్సిందండి, రిటర్ను వేసేశాం" అని చేతులెత్తేస్తారు. చట్టం ప్రకారం గడువు లోపు సవరణకు వీలున్నా, మీరు గాని, షాపువారు గాని వారి పోర్టల్‌లోకి వెళ్లి దిద్దలేరు. ఆ బిల్లు మీది పన్ను సరుకు ఖరీదులో కలిసిపోయినట్టే లెక్క. ఈ మాట మొదటి ఫోనులోనే చెప్పండి. తరువాత ఆ సరఫరాదారు దగ్గరికి వెళ్లే కుర్రాడి జేబులో పెట్టడానికి షాపు పేరు, నంబరు అచ్చు వేసిన చిన్న కార్డులు ఒక పది చేయించి ఇవ్వండి.